ఒకే సినిమాకు రెండు రేడియో పరిచయాలు

హుకుంపేట పాడేరు నుంచి అరకు వెళ్లే దారిలో ఉన్న మండల కేంద్రం. అలాంటి ఊళ్లో సామాజిక భవనంలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, రేడియోలో పది నిమిషాల ప్రసంగం వినిపించి, ఆ వెంటనే ఒక పాత సినిమా చూపించాలనుకుందాం. ఏ సినిమా అన్నదానికి పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. 1974 మే 1న విడుదలైన 'అల్లూరి సీతారామరాజు' ఉంది. ఈ కొండల్లో జరిగిన కథ, ఈ కొండల్లోనే చింతపల్లి అడవుల్లో తీసిన సినిమా. తేలనిదల్లా ఆ పది నిమిషాలు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదే.

అందుకోసం రెండు ప్రసంగ పాఠాలు రాసి పక్కపక్కన పెట్టుకున్నాను. మొదటిది మన పత్రికల్లో, సభల్లో, రేడియోలో పాత సినిమాలను పరిచయం చేసే వాడుక పద్ధతిలో సాగుతుంది. రెండోది ఆ భవనంలో కూర్చుని వినే మనిషిని ముందు పెట్టుకుని సాగుతుంది. రెండింటికీ సినిమా ఒకటే, సమయం ఒకటే, చేతిలో ఉన్న సమాచారమూ దాదాపు ఒకటే. తేడా అంతా ఎంపికలోనూ వరసలోనూ ఉంది. ఆ తేడా వల్ల వినేవారికి ఏం దక్కుతుంది, ఏం జారిపోతుంది అన్నదే ఈ వ్యాసంలో నేను చూడదలచింది.

మొదటి వాక్యం

మొదటి పాఠం ఇలా మొదలవుతుంది: "తెలుగు చలనచిత్ర చరిత్రలో తొలి సినిమాస్కోప్ చిత్రంగా నిలిచి, నటశేఖర కృష్ణ నటజీవితంలో నూరవ చిత్రంగా వెలువడి, మహాకవి శ్రీశ్రీకి ఉత్తమ గేయరచయితగా జాతీయ పురస్కారాన్ని సంపాదించిపెట్టిన, పద్మాలయా సంస్థ వారి ప్రతిష్ఠాత్మక చిత్రం 'అల్లూరి సీతారామరాజు' గురించి ఈనాటి ప్రసంగంలో ముచ్చటించుకుందాం."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. అచ్చులో చూస్తే వంక పెట్టడానికీ ఏమీ లేదు. కంటితో చదివేవాడు వాక్యం చివర సినిమా పేరు చూసి, కావాలంటే మళ్లీ మొదటికి వెళ్లి ఎవరికి ఏ పురస్కారం వచ్చిందో సరిచూసుకుంటాడు. రేడియో ముందు కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. అతను సినిమాస్కోప్‌ను, నూరవ చిత్రాన్ని, పురస్కారాన్ని, నిర్మాణ సంస్థను ఒక్కొక్కటిగా మనసులో పెట్టుకుని, ఇవన్నీ దేని గురించో తెలియకుండానే వాక్యం చివరిదాకా ప్రయాణం చేయాలి. తెలుగు వాక్యంలో అసలు మాట చివరికి వస్తుంది. 'నిలిచి', 'వెలువడి', 'సంపాదించిపెట్టిన' అంటూ ముందు ఎన్ని తగిలిస్తే అంతసేపు వినేవాడు మోయాలి. చదువరి అయిన యువకుడికే ఇది బరువు. డెబ్బై ఏళ్లు దాటిన చెవికి పేరు వచ్చేసరికి ముందు చెప్పినవన్నీ జారిపోతాయి.

హుకుంపేట ప్రాంతంలో దీనికి ఇంకో సంగతి తోడవుతుంది. ఇక్కడి పెద్దల్లో కొందరి ఇళ్లలో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, కొందరి ఇళ్లలో కువి మాట్లాడతారు. తెలుగు వీళ్లకు సంతలో, ఆఫీసులో, బస్సులో బాగా నలిగిన భాషే. కానీ 'ప్రతిష్ఠాత్మక', 'వెలువడి' వంటి మాటలు ఆ సంతలోకి రావు. వాళ్లకు తెలుగు రాదని కాదు దీని అర్థం. ప్రసంగకర్త వాడే తెలుగు వాళ్ల రోజువారీ తెలుగు కాదని అర్థం.

రెండో పాఠం మొదలు ఇది: "పెద్దలందరికీ నమస్కారం. అల్లూరి సీతారామరాజు పేరు మీకు నేను చెప్పక్కర్లేదు. మీ తాతలు చెప్పే ఉంటారు. ఆయన మీద ఒక సినిమా వచ్చింది. వచ్చి యాభై ఏళ్లు దాటింది. మన చింతపల్లి అడవుల్లోనే తీశారు. రామరాజుగా కృష్ణ వేశారు. కాసేపట్లో ఆ సినిమా చూస్తాం. ఈలోగా దాని గురించి నాలుగు మాటలు చెబుతాను. కొన్ని మాటలు సినిమాలోవే వినిపిస్తాను."

ఇక్కడ పేరు ముందే వచ్చేసింది. తర్వాత వచ్చే ప్రతి వాక్యం ఆ పేరుకు ఒక్కొక్క సంగతి చొప్పున కలుపుతూ పోయింది. వినేవాడు దేన్నీ మోయనక్కర్లేదు. అంతకన్నా ముఖ్యం, 'మీ తాతలు చెప్పే ఉంటారు' అన్న మాటతో ప్రసంగకర్త తన స్థానం ఎక్కడో చెప్పాడు. ఇవాళ డెబ్బై అయిదేళ్లున్న మనిషి తాతకు 1922 నాటి పితూరీ కళ్ల ముందు జరిగిన సంగతి కావచ్చు. అలాంటి మనిషికి రామరాజు ఎవరో కొత్తగా పరిచయం చేయబోవడం మర్యాద కాదు. సినిమాను పరిచయం చేయాలి గానీ రామరాజును కాదు. మొదటి పాఠం ఈ రెండింటినీ విడదీయలేదు.

రెండో పద్ధతికీ ఒక ప్రమాదం ఉంది. చిన్న వాక్యాలు వరసపెట్టి చెబుతూ పోతే పిల్లలకు చెప్పినట్టు వినిపిస్తుంది. పెద్దవాళ్లు దాన్ని ఇట్టే పసిగడతారు. దానికి విరుగుడు వాక్యం పొడవు పెంచడం కాదు, విషయాన్ని పెద్దవాళ్ల స్థాయిలో ఉంచడం. వాక్యం తేలిగ్గా ఉండాలి, చెప్పే సంగతి బరువుగా ఉండాలి. రెండో పాఠం ఈ పరీక్షలో నెగ్గిందా లేదా అన్నది కథ చెప్పే దగ్గర తేలుతుంది.

కథ ఎంత చెప్పాలి

మొదటి పాఠం కథను మొత్తం చెబుతుంది. రామరాజు బాల్యం, సీతతో అనురాగం, దేశాటన, సన్యాసం, మన్యానికి రాక, తెల్లదొరల దౌర్జన్యం, స్టేషన్ల మీద దాడులు, చివరికి బలిదానం. ఇంత కథకు నాలుగు నిమిషాలు పడుతుంది. మధ్యలో పాత్రధారుల పేర్లు కూడా వస్తాయి. సీతగా విజయనిర్మల, అగ్గిరాజుగా బాలయ్య, రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య, ఇలా సాగుతుంది. పేరుపేరునా చెప్పడం నటులకు గౌరవమే. కాని వినేవాడి చెవిలో పాత్ర పేరూ నటుడి పేరూ జంటలు జంటలుగా పడి కలగాపులగం అవుతాయి. మూడో జంట వచ్చేసరికి మొదటిది గుర్తుండదు.

రెండో పాఠం కథలో ఒక్క ముక్కే తీసుకుంది. "గూడెం కొండల్లోకి దారి వేస్తున్నారు. రాళ్లు మోసేది కొండవాళ్లు. వేయించేది బాస్టియన్ అనే తహసీల్దారు. కూలి సరిగ్గా ఇవ్వడు. అడిగితే దెబ్బలు. అంతకు ముందే అడవి చట్టం వచ్చింది. పోడు కొట్టకూడదన్నారు. అడవిలో పుల్ల ఏరితే నేరమన్నారు. మరి మనిషి ఏం తిని బతకాలి? రామరాజు వచ్చేనాటికి కొండల్లో కోపం ఇలా ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్. మరునాడు కృష్ణదేవిపేట స్టేషన్. ఆ మరునాడు రాజవొమ్మంగి స్టేషన్. మూడు రోజులు, మూడు స్టేషన్లు. తుపాకులు పట్టుకుపోయారు. ఆ తర్వాత ఏమైందో తెర మీద చూద్దాం."

ఇక్కడితో కథ ఆపేసింది. ఈ ఆపడంలో ఒక లెక్క ఉంది. మామూలు సినిమా అయితే ముగింపు దాచిపెట్టి ఉత్కంఠ పెంచుతాం. ఇక్కడ ముగింపు అందరికీ తెలుసు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రామరాజును కాల్చేశారని హుకుంపేటలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాబట్టి వినేవాడి ఆసక్తి 'చివరికి ఏమైంది' అన్నదాని మీద ఉండదు. 'ఇదంతా ఎందుకు మొదలైంది, దాన్ని సినిమావాళ్లు ఎలా చూపించారు' అన్నదాని మీద ఉంటుంది. మొదటి పాఠం మొత్తం కథ చెప్పేసి ఆ ఆసక్తిని పక్కన పెట్టింది. రెండో పాఠం కారణం దగ్గర నిలబడి, మూడు ఊళ్ల పేర్లతో వేగం పెంచి వదిలేసింది.

ఆ మూడు పేర్లూ ఈ శ్రోతలకు పటంలో చుక్కలు కావు. అక్కడ చుట్టాలున్నవాళ్లుంటారు, బస్సులో తిరిగినవాళ్లుంటారు. రోడ్డు పనికి కూలి రావాల్సినంత రాకపోవడం, పోడు భూమి మీద తగాదా, ఇవి కూడా విన్న సంగతులుగా కాక అనుభవంలో ఉన్న సంగతులుగా తగులుతాయి. చిన్న వాక్యాలు పిల్లల పాఠంలా వినిపించకుండా కాపాడింది ఈ విషయమే.

ఒక లోటు చెప్పక తప్పదు. అడవి చట్టం 1882 నాటిది. రామరాజు తిరుగుబాటు 1922 నాటిది. మధ్యలో నలభై ఏళ్లున్నాయి. రెండో పాఠం 'అంతకు ముందే' అన్న ఒక్క మాటతో ఆ నలభై ఏళ్లను దాటేసింది. ఆ నలభై ఏళ్లలో కొండల్లో చిన్నాపెద్దా పితూరీలు జరిగాయి, ముఠాదార్ల అధికారం తరిగిపోయింది. 'మీ తాతల తండ్రుల కాలంలోనే అడవి చట్టం వచ్చింది' అని మార్చితే, సంవత్సరం చెప్పకుండానే దూరం తెలుస్తుంది. కుటుంబంలో తరాల లెక్క పెద్దవాళ్లకు అంకెల లెక్కకన్నా బాగా నిలుస్తుంది.

చెవికి ఏం వినిపిస్తుంది

రెండు పాఠాల మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా శబ్దం వాడిన తీరులో ఉంది. మొదటి పాఠం చదువుతుంటే వెనక పాట సన్నగా నడుస్తూ ఉంటుంది. స్టూడియోలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఇది ఇంపుగానే ఉంటుంది. సామాజిక భవనంలో ఇదే ఇబ్బంది పెడుతుంది.

వయసుతో చెవి మందగించేటప్పుడు ముందుగా పోయేది పైస్థాయి శబ్దాలు. 'స', 'శ', 'చ', 'త' వంటి హల్లుల్లోని సన్నని చప్పుడు అక్కడే ఉంటుంది. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు తేలిపోతాయి. అందుకే చాలామంది పెద్దవాళ్లు 'నీ గొంతు వినిపిస్తోంది గానీ మాట తెలియట్లేదు' అంటారు. గట్టిగా అరిచినా ఆ మాట తెలియదు. స్పష్టంగా, నిదానంగా చెబితే తెలుస్తుంది. దానికి తోడు పైకప్పు రేకులదైతే వాన పడిందంటే ఆ హోరు, స్లాబుదైతే ఖాళీ గోడల నుంచి ప్రతిధ్వని. ఒక మూల ఒకే లౌడ్‌స్పీకరు. ఇంతలో మాట వెనక పాట కూడా నడిస్తే హల్లులకు మిగిలిన కాస్త చోటు కూడా పోతుంది. కాబట్టి మాట ఉన్నప్పుడు పాట ఉండకూడదు, పాట ఉన్నప్పుడు మాట ఉండకూడదు. రెండో పాఠం ఈ నియమాన్ని గట్టిగా పాటించింది.

వేగం కూడా అంతే. మొదటి పాఠంలో దాదాపు పదమూడు వందల మాటలున్నాయి. పది నిమిషాల్లో ముగించాలంటే వార్తలు చదివే వేగం కావాలి. రెండో పాఠం ఎనిమిది వందల మాటల దగ్గర ఆగింది. నిమిషానికి వంద మాటలు చెబితే ఎనిమిది నిమిషాలు. మిగిలిన రెండు నిమిషాలు సినిమాలోని శబ్దానికీ, మధ్య మధ్య మౌనానికీ వదిలింది.

సినిమాను చెవితో వినడం ఈ తరం పెద్దలకు కొత్త కాదు. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్ద చిత్రాలు వచ్చే రోజుల్లో సినిమా మొత్తాన్ని గంటకు కుదించి సంభాషణలూ పాటలూ వినిపించేవారు. థియేటరు దూరమైన ఊళ్లలో ఎందరికో సినిమా అంటే అదే. శబ్ద చిత్రంలో వ్యాఖ్యాత చాలా తక్కువ మాట్లాడేవాడు, బొమ్మ లేని చోట్ల మాత్రమే ఒక వాక్యం అందించేవాడు. రెండో పాఠం ఆ విద్యను అరువు తెచ్చుకుంది. రెండే ముక్కలు ఎంచుకుంది. ఒక్కోటి నలభై సెకన్లకు మించదు.

మొదటి ముక్క శ్రీశ్రీ రాసిన పాట. ఆయనకు జాతీయ పురస్కారం తెచ్చినదే అది. మొదటి పాఠం పురస్కారం గురించి చెప్పి ఊరుకుంది. రెండో పాఠం వినిపించే ముందు ఒక సంగతి చెప్పింది: "ఈ పాట పాడినవాళ్లలో ఘంటసాల గారు ఒకరు. ఆయనతో పాటు రామకృష్ణ పాడారు. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో పోయారు. సినిమా మే నెలలో వచ్చింది. ఆయన గొంతు విడుదలైంది గానీ ఆయన లేరు." ఇది విన్నాక ఆ పాట వినే తీరు మారుతుంది. ఘంటసాల పోయిన రోజు ఎక్కడున్నామో చెప్పగలిగే వయసు వాళ్లే ఆ గదిలో ఉన్నది. పురస్కారం పేరు చెప్పడానికి పట్టే సమయమే దీనికీ పడుతుంది, కానీ పాట మీద మనసు పెట్టించేది ఇదే.

రెండో ముక్క రూథర్‌ఫర్డ్‌కూ రామరాజుకూ మధ్య సంభాషణ. ఇద్దరు మనుషులు, రెండు వేర్వేరు గొంతులు. రూథర్‌ఫర్డ్ వేసిన కొంగర జగ్గయ్య సినిమాల్లో స్థిరపడక ముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. ఆ నిండైన గొంతు, ఒక్క అక్షరం మింగకుండా పలికే అలవాటు మందగించిన చెవులకు కూడా అందుతాయి. పాఠం ఇక్కడ చెప్పింది ఒక్కటే: "ముందు మాట్లాడేది తెల్లదొర రూథర్‌ఫర్డ్. జవాబు చెప్పేది రామరాజు." ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది చెప్పకపోతే రేడియోలో సంభాషణ అర్థం కాదు. విన్న తర్వాత మళ్లీ వివరించకపోవడం కూడా తెలివైన పని. విన్నదాన్ని వెంటనే విడమరిస్తే విన్న ముక్క చప్పబడిపోతుంది.

ఇదే చోట చాలామంది పోరాట దృశ్యం పెడతారు. తెర మీద అది సినిమాకే గర్వకారణం. రేడియోలో మాత్రం తుపాకుల చప్పుళ్లు, కేకలు, గుర్రపు డెక్కలు కలిసి ఒకే రొదగా వస్తాయి. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు. ఏ ముక్క పనికొస్తుందో తేల్చుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. కళ్లు మూసుకుని ఒకసారి వినాలి. ఎవరు మాట్లాడుతున్నారో, ఏం కావాలని మాట్లాడుతున్నారో తెలిస్తే పెట్టుకోవచ్చు. తెలియకపోతే ఎంత గొప్ప దృశ్యమైనా తీసేయాలి.

సినిమా వేరు, జరిగింది వేరు

మొదటి పాఠంలో నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే వాక్యం ఒకటుంది: "అల్లూరి చరిత్రను ఉన్నదున్నట్టు తెరకెక్కించిన చిత్రం." ఇలాంటి వాక్యం ఎక్కడో పట్నంలో చెబితే ఎవరూ పట్టించుకోరు. ఈ కొండల్లో చెప్పకూడదు. వినేవాళ్లలో కొందరికి తమ పెద్దల నోట వేరే సంగతులు తెలిసి ఉంటాయి. రేడియోలో గొంతు ఇదే నిజమంటే వాళ్లకు తెలిసినది తప్పయిపోతుంది.

సినిమా కల్పించుకున్నవి ఉన్నాయి. సీతతో ప్రేమ ప్రజల నోట నిలిచిన కథ. చరిత్రలో దానికి గట్టి ఆధారం దొరకదు. చివరి ఘట్టం కూడా అలాంటిదే. పట్టుబడ్డ రామరాజును విచారణ లేకుండా చెట్టుకు కట్టి కాల్చారని, ఆ పని మేజర్ గుడాల్ అధికారంలో జరిగిందని చరిత్ర చెబుతుంది. సినిమాలో రూథర్‌ఫర్డ్‌కూ రామరాజుకూ మధ్య మనం వినే పదునైన సంవాదం త్రిపురనేని మహారథి కలం నుంచి వచ్చింది. అందులో తప్పు లేదు. నాటకానికి ఎదురెదురుగా ఇద్దరు కావాలి. విచారణే లేకుండా చంపిన మనిషికి సినిమా ఒక విచారణ జరిపించి, చెప్పాల్సిందంతా చెప్పే అవకాశం ఇచ్చింది. అది కల్పన అని తెలిసి చూస్తే దాని బలం పెరుగుతుందే గానీ తగ్గదు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. రామరాజు మైదానం నుంచి వచ్చినవాడు. ఆయన వెనక నడిచింది, తిండి పెట్టింది, దారి చూపింది, జైళ్లలో మగ్గింది కొండల మనుషులు. గాం గంటం దొర, గాం మల్లు దొర వాళ్లలో ముందువరసవాళ్లు. కథానాయకుడి సినిమా కావడంతో తెర మీద వాళ్లు పక్కన నిలబడతారు. మొదటి పాఠం వాళ్లను 'అనుచరులు' అని ఒక్క మాటలో చుట్టేసింది. రెండో పాఠం ఒక నిమిషం కేటాయించింది: "సినిమాలో రామరాజు పక్కన గంటం దొర, మల్లు దొర కనిపిస్తారు. వాళ్లను కాస్త గమనించి చూడండి. రామరాజు పోయిన కొద్ది రోజులకే గంటం దొర కూడా పోరాటంలో చనిపోయాడు. మల్లు దొర జైలుకు వెళ్లాడు, బతికి బయటికి వచ్చాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మొదటి ఎన్నికలు జరిగితే విశాఖపట్నం నుంచి పార్లమెంటుకు గెలిచాడు. ఇది సినిమాలో లేదు."

రెండు పాఠాల్లో ఏది విమర్శ, ఏది పొగడ్త అన్నది ఈ పేరా దగ్గర తేలిపోతుంది. రెండో పాఠం సినిమాను తక్కువ చేయలేదు. సినిమా ఎక్కడ ఆగిందో చూపించి, ఆ తర్వాతి సంగతి అందించింది. చూసేవాడికి ఒక పని కూడా అప్పజెప్పింది. కథానాయకుడి పక్కన ఉన్నవాళ్లను గమనించమంది. రెండున్నర గంటలకు పైగా సాగే సినిమాలో కన్ను ఎక్కడ పెట్టాలో ముందే తెలిస్తే పెద్దవాళ్లు అలసిపోకుండా చూస్తారు.

మొదటి పాఠంలో నిలబెట్టుకోవాల్సినది

ఇంత చెప్పాక మొదటి పాఠాన్ని పూర్తిగా పక్కన పడేయాలా అంటే, అక్కర్లేదు. అందులో సినిమా తీసిన కథ ఉంది. రెండో పాఠంలో అది దాదాపు లేదు. దర్శకుడు వి. రామచంద్రరావు సినిమా పూర్తి కాకుండానే చనిపోయారు. మిగిలిన భాగం కృష్ణ చూసుకున్నారు. పోరాట సన్నివేశాలు కె.ఎస్.ఆర్. దాస్ తీశారు. అయినా దర్శకుడిగా రామచంద్రరావు పేరే వేశారు. మొదటి పాఠం దీన్ని 'దురదృష్టవశాత్తూ' అన్న మాటతో మొదలయ్యే ఒక ఉపవాక్యంలో ఇరికించింది. విడిగా నాలుగు చిన్న వాక్యాలుగా చెబితే ఇది వినేవాళ్లకు బాగా పడుతుంది. తలపెట్టినవాడు మధ్యలో పోతే మిగిలినవాళ్లు పని కొనసాగించడం, చరిత్రలోనూ సినిమా తీయడంలోనూ జరిగింది. ఈ పోలిక ప్రసంగకర్త నోటితో చెప్పనవసరం లేదు. రెండు సంగతులూ దగ్గర దగ్గరగా చెబితే చాలు.

సినిమాస్కోప్ సంగతి కూడా నిలబెట్టుకోవాల్సిందే. అయితే 'తొలి' అన్న గొప్ప కోసం కాదు. కెమెరామన్ వి.ఎస్.ఆర్. స్వామి వెడల్పు తెరను దృష్టిలో పెట్టుకుని ఈ సినిమా తీశారు. కొండ అంచున వరసగా మనుషులు నడవాలన్నా, ఒక పక్క రామరాజు మాట్లాడుతుంటే మరో పక్క వినేవాళ్లు కనిపించాలన్నా ఆ వెడల్పు కావాలి. ఇప్పటి టీవీకి, ప్రొజెక్టరుకు ఆ వెడల్పు సరిపోదు. బొమ్మ నిష్పత్తి చెడకుండా చూపిస్తే తెర ఎత్తులో దాదాపు పావు వంతు పైనా కిందా నల్లటి పట్టీలుగా మిగులుతుంది. చాలామంది అది లోపమనుకుని బొమ్మను పైకి సాగదీస్తారు. అప్పుడు మనుషులు సన్నగా పొడుగ్గా అయిపోతారు. ఇంకొందరు రెండు పక్కలా కోసి తెర నింపుతారు. అప్పుడు మాట్లాడేవాడు ఉంటాడు, వినేవాడు ఉండడు. అందుకే రెండో పాఠంలో ఒక వాక్యం చేర్చాలి: "తెర పైనా కిందా నల్లగా ఉంటుంది, కంగారు పడకండి, ఈ సినిమా వెడల్పుగా తీశారు, అందుకే అలా." భవనంలో మిషన్ నడిపే కుర్రాడు కూడా అది వింటాడు, సాగదీయడం మానతాడు. బొమ్మ చిన్నదవుతుంది కాబట్టి కుర్చీలు తెరకు దగ్గరగా వేయాలన్నదీ అక్కడే చెప్పేయవచ్చు.

ముగింపులు రెండు

మొదటి పాఠం ముగింపు ఇలా ఉంది: "ప్రతి తెలుగువాడూ తప్పక చూసి తీరాల్సిన అపురూప చిత్రరాజం ఇది." వినేవాళ్లు సినిమా చూడడానికే వచ్చి కూర్చున్నారు. చూడమని వాళ్లకు చెప్పడం వృథా. పైగా 'ప్రతి తెలుగువాడూ' అన్నప్పుడు ఇంట్లో కువి, ఒడియా మాట్లాడే ముసలాయన తనను అందులో లెక్కవేశారో లేదో అనుకుంటాడు. ఆయన ఊరి సినిమాకు ఆయన్నే బయట నిలబెట్టినట్టవుతుంది.

రెండో పాఠం ప్రశ్నతో ముగుస్తుంది: "సినిమా అయిపోయాక ఒక్క మాట చెప్పండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు రామరాజు గురించి ఏం చెప్పేవారు? సినిమాలో చూపించినది అలాగే ఉందా, వేరేగా ఉందా?" ఈ ప్రశ్నకు ప్రసంగకర్త దగ్గర సమాధానం లేదు, వినేవాళ్ల దగ్గరే ఉంది. తెలుగులో చెప్పడం కష్టమైనవాళ్లు తమ భాషలో చెబుతారు, పక్కనున్నవాళ్లు అందుకుంటారు. ప్రసంగం పని చేసిందా లేదా అన్నదానికి కొలత కూడా ఇదే. సినిమా అయ్యాక 'బాగుంది' అని లేచి వెళ్లిపోతే ప్రసంగం సినిమాకు ఏమీ కలపలేదన్నమాట. 'మా తాత చెప్పింది అలా కాదు' అని ఒక్కరైనా మొదలుపెడితే ఆ పది నిమిషాలూ సార్థకమయ్యాయి.

పక్కపక్కన చదివాక నా తీర్పు రెండో పాఠం వైపే ఉంది. అది సరళంగా ఉందన్నది అందుకు చిన్న కారణం. వినేవాళ్లకు ఏం తెలుసో తెలుసుకుని, తెలిసిన చోట ఆగి, తెలియని చోట మాట్లాడిందన్నది పెద్ద కారణం. మొదటి పాఠం సినిమాకు దక్కిన గౌరవాలను లెక్కబెట్టింది. అవి నిజమే, అచ్చులో వాటికి చోటుంది. ఈ భవనంలోకి వచ్చేసరికి వాటిలో దర్శకుడి మరణం, వెడల్పు తెర ఈ రెండింటినే రెండో పాఠంలోకి తీసుకోవాలి. వాటికి ఒకటిన్నర నిమిషం చాలు. ఆ సమయం కోసం పాట ముక్కను కుదించకూడదు, మల్లు దొర పేరాను అసలే ముట్టుకోకూడదు. నటుల పేర్లలో కృష్ణ, జగ్గయ్య తప్ప మిగిలినవి తీసేయాలి. వాళ్ల పేర్లు ఎలాగూ తెర మీద పడతాయి. మల్లు దొర పార్లమెంటుకు వెళ్లిన సంగతి మాత్రం తెర మీద పడదు, కాబట్టి అది రేడియోలోనే చెప్పాలి.